ఏడు ఫండ్లు ఉన్నా అన్నీ ఒకేసారి ఎందుకు పడుతున్నాయి?

ప్రశ్న: "నాకు 34 ఏళ్లు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఏడు ఈక్విటీ ఫండ్లలో నెలకు 40 వేలు సిప్ కడుతున్నాను. రెండు లార్జ్‌క్యాప్, రెండు ఫ్లెక్సీక్యాప్, ఒక మిడ్‌క్యాప్, ఒక ఈఎల్ఎస్ఎస్, ఒక ఐటీ ఫండ్. మొత్తం 22 లక్షలు, అందులో ఐటీ ఫండ్‌లోనే 4 లక్షలు. మార్కెట్ పడినప్పుడల్లా ఏడూ ఎర్రగానే ఉంటున్నాయి. మరి ఇదేం డైవర్సిఫికేషన్? బంగారం కలపమని కొందరు అంటున్నారు. కలిపితే రిటర్న్ తగ్గిపోదా?"

జవాబు:

మీ రెండు లార్జ్‌క్యాప్ ఫండ్లు, రెండు ఫ్లెక్సీక్యాప్ ఫండ్ల ఫ్యాక్ట్‌షీట్లు తెరిచి, మొదటి పది షేర్లు పక్కపక్కన రాసుకోండి. హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్, ఐసీఐసీఐ బ్యాంక్, రిలయన్స్ లాంటి పేర్లు దాదాపు ప్రతి జాబితాలోనూ వస్తాయి. ఫండ్ హౌస్ మారింది, మేనేజర్ మారాడు, లోపలి సరుకు మారలేదు. ఒకే పొలంలో ఏడు బోర్లు వేయించినట్టు ఉంది మీ పరిస్థితి. భూగర్భజలం దిగితే ఏడూ ఒకేసారి ఎండుతాయి.

షేర్లు వేరైనంత మాత్రాన కూడా పని అయిపోదు. మిడ్‌క్యాప్ ఫండ్‌లో కంపెనీలు నిజంగానే వేరు. అయినా విదేశీ ఫండ్లు డబ్బు వెనక్కి తీసుకున్నప్పుడు, ముడి చమురు మండినప్పుడు, వడ్డీ రేట్లు పెరిగినప్పుడు దెబ్బ అన్నిటికీ ఒకేసారి తగులుతుంది. 2008లో మిడ్‌క్యాప్ సూచీలు నిఫ్టీని కాపాడకపోగా దానికంటే ఎక్కువే పడ్డాయి. కాబట్టి ఎన్ని ఫండ్లున్నాయని కాదు, అవి ఎంతవరకు కలిసి కదులుతున్నాయని అడగాలి. దాన్ని కొలిచే అంకె పేరే కోరిలేషన్.

ఈ అంకె -1 నుంచి +1 మధ్య ఉంటుంది. ఒక నెలలో ఫండ్ 'ఎ' తన సొంత సగటు కంటే బాగా చేసిందా, తక్కువ చేసిందా చూడండి. అదే నెలలో 'బి' సంగతీ చూడండి. చాలా నెలల్లో రెండూ ఒకే వైపు ఉంటే కోరిలేషన్ +1కి దగ్గరవుతుంది. ఒకటి పైన, ఒకటి కింద ఉంటే -1 వైపు వెళ్తుంది. ఏ సంబంధమూ లేకపోతే సున్నా. చాలామంది ఇక్కడే పొరబడతారు. సున్నా అంటే ఒకటి పడితే రెండోది పెరుగుతుందని కాదు. ఒకదాన్ని చూసి రెండోదాని సంగతి చెప్పలేమని, అంతే. రెండూ ఏళ్ల తరబడి పెరుగుతూనే ఉండి కూడా వాటి కోరిలేషన్ సున్నా కావచ్చు. మనకు కావలసింది అదే.

ఇప్పుడు మీ ఏడు ఫండ్ల లెక్క చూద్దాం. ఒక్కో ఫండ్ ఒడిదుడుకు, అంటే స్టాండర్డ్ డీవియేషన్, ఏడాదికి 20 శాతం అనుకుందాం. ఏ రెండు తీసుకున్నా కోరిలేషన్ 0.95 అనుకుందాం. ఈక్విటీ ఫండ్ల మధ్య ఇదేమీ అతిశయోక్తి కాదు. సమానంగా పెట్టిన n ఫండ్ల మొత్తం ఒడిదుడుకు (σp) ఇలా వస్తుంది, ఇందులో σ ఒక్కో ఫండ్ ఒడిదుడుకు, ρ కోరిలేషన్:

```
σp = σ × √( 1/n + (1 − 1/n) × ρ )
```

n = 7, ρ = 0.95 పెడితే జవాబు 19.6. ఏడు ఫండ్లు, ఏడు స్టేట్‌మెంట్లు, ఏడు సిప్ తేదీలు మోసి మీరు తగ్గించుకున్నది 20 నుంచి 19.6కి. ఏడు కాదు, ఏడు వందల ఫండ్లు పెట్టినా 19.5 దగ్గరే ఆగిపోతుంది, ఎందుకంటే n ఎంత పెరిగినా ρ అనే ముక్క కరగదు. కంపెనీకి సంబంధించిన రిస్క్ ఫండ్ల సంఖ్యతో తగ్గుతుంది. మార్కెట్‌కి సంబంధించినది తగ్గదు. మీ ఒక్కో ఫండ్‌లోనే యాభై అరవై షేర్లు ఉంటాయి కాబట్టి, తగ్గాల్సిన మొదటి రకం రిస్క్ మొదటి ఫండ్‌తోనే చాలావరకు తగ్గిపోయింది.

బంగారాన్ని తీసుకుందాం. రూపాయల్లో బంగారం ఒడిదుడుకు కూడా తక్కువేం కాదు, లెక్క కోసం 15 శాతం అనుకోండి. నిఫ్టీతో నెలవారీ కోరిలేషన్ సాధారణంగా సున్నాకి అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది, కాబట్టి సున్నానే పెడదాం. 70 శాతం ఈక్విటీ, 30 శాతం బంగారం. రెండు ఆస్తులకు సూత్రం ఇది, w అంటే ఒక్కోదాని వాటా:

```
σp² = (w1σ1)² + (w2σ2)² + 2ρ(w1σ1)(w2σ2)
```

ఈక్విటీ వంతు 0.7 × 20 = 14. బంగారం వంతు 0.3 × 15 = 4.5. రెండూ కలిసి కదిలితే, అంటే ρ = 1 అయితే, మొత్తం 18.5. ρ సున్నా అయితే మూడో పదం ఎగిరిపోతుంది. 196, 20.25 కలిపితే 216.25, దాని వర్గమూలం 14.7. మామూలు కూడికతో 18.5 రావాల్సినది 14.7 అయింది. ఈ రెంటికీ చెడ్డ నెలలు ఒకేసారి రావాలని లేదు కాబట్టి, ఒకదాని నష్టం చాలాసార్లు రెండోదాని మామూలు నెలలోనో మంచి నెలలోనో కలిసిపోతుంది. మధ్యలో ఉన్న తేడా అంతా అలా వచ్చిందే. ρ 0.5 అయితే 16.7 వస్తుంది. అంటే సగం కోరిలేషన్ ఉన్నా కొంత లాభమే.

ఇందులో నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగా అనిపించే సంగతి ఒకటుంది. ఆ 30 శాతాన్ని బంగారంలో కాకుండా అసలు కదలని ఎఫ్‌డీలో పెడితే ఒడిదుడుకు ఎంత? 0.7 × 20, అంటే సరిగ్గా 14. ఏడాదికి 15 శాతం ఊగే బంగారం, అసలు ఊగని ఎఫ్‌డీ మీ పోర్ట్‌ఫోలియోని దాదాపు ఒకే స్థాయికి దించాయి. ఒక ఆస్తి విడిగా ఎంత ఊగుతుందనే దానికంటే, మీ దగ్గర ఇప్పటికే ఉన్నదానితో కలిసి ఎలా ఊగుతుందనేదే ముఖ్యం. హ్యారీ మార్కోవిట్జ్ 1952లో లెక్క కట్టి చూపించింది ఇదే. 1990లో ఆయనకు నోబెల్ వచ్చింది కూడా ఈ పనికే.

నా అంకెలు నమ్మక్కర్లేదు, మీరే కొలుచుకోవచ్చు. నెలాఖరు ఎన్‌ఏవీలు, అంటే యూనిట్ ధరలు, కనీసం ఐదేళ్లవి ఎక్సెల్‌లో పెట్టుకోండి. ఈక్విటీ ఫండ్ B కాలమ్‌లో, గోల్డ్ ఈటీఎఫ్ C కాలమ్‌లో అనుకుంటే:

```
D3: =B3/B2-1
E3: =C3/C2-1
    =CORREL(D3:D62, E3:E62)
```

CORREL లోపల ఎన్‌ఏవీలు పెట్టకండి, నెలవారీ రిటర్న్‌లే పెట్టండి. నేరుగా B, C కాలమ్‌లు పెడితే ఏ రెండు ఆస్తులకైనా 0.9 లాంటి అంకె వచ్చే అవకాశం ఉంది, ఎందుకంటే దీర్ఘకాలంలో రెండూ పెరుగుతూ పోయినవే. సోషల్ మీడియాలో "బంగారానికి, నిఫ్టీకి 0.9 కోరిలేషన్, కలిపి లాభం లేదు" అని ఎవరైనా చార్ట్ పెడితే ముందు అనుమానించాల్సింది దీన్నే. రోజువారీ రిటర్న్‌లతో కూడా తంటానే. లండన్, ముంబై మార్కెట్ల వేళలు వేరు కావడం వల్ల అసలు సంబంధం సరిగా కనిపించదు.

మరి మన దగ్గర బంగారం షేర్లతో కలిసి ఎందుకు నడవదు? కారణం తెలియకుండా ఒట్టి అంకెను నమ్ముకోవడం మంచిది కాదు, రేపు ఆ కారణం పోతే అంకె కూడా పోతుంది. ఒక కారణం అందరూ చెప్పేదే: భయం వేసినప్పుడు జనం బంగారం వైపు పరిగెత్తడం. మనకు అంతకంటే పెద్దది రూపాయి. బంగారం ధర డాలర్లలో నిర్ణయమవుతుంది, మనం దిగుమతి చేసుకుంటాం. విదేశీ ఫండ్లు మన షేర్లు అమ్మి డాలర్లు పట్టుకుపోతుంటే నిఫ్టీ పడుతుంది, దాంతో పాటు రూపాయీ పడుతుంది. డాలర్లలో బంగారం కదలకపోయినా రూపాయల్లో పెరుగుతుంది.

2008 చూడండి. ఏడాది మొదలయ్యేటప్పుడు లండన్‌లో ఔన్సు 834 డాలర్లు, ముగిసేటప్పుడు 870. పెరిగింది నాలుగు శాతం చిల్లర. అదే ఏడాది డాలర్ 39 రూపాయల చిల్లర నుంచి 48 దాటింది. దాంతో మన చేతికి వచ్చేసరికి బంగారం పాతిక శాతానికి పైగా పెరిగింది. ఆ ఏడాది మన పోర్ట్‌ఫోలియోలను ఆదుకున్నది బంగారం కంటే ఎక్కువగా డాలరే. అందుకే డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో స్థిరపడి, డాలర్లలో ఖర్చు పెట్టే మనవాళ్లకు ఈ లెక్క అలాగే వర్తించదు. వాళ్లకు 2008లో బంగారం ఇచ్చింది ఆ నాలుగు శాతమే.

ఆ రెండేళ్లను 10 లక్షలతో నడిపి చూద్దాం. 2008లో నిఫ్టీ 52 శాతం పడింది, 2009లో 76 శాతం లేచింది. బంగారం రూపాయల్లో రెండేళ్లకూ సుమారుగా 27, 20 శాతం పెరిగిందనుకుందాం. డివిడెండ్లు, ఖర్చులు వదిలేస్తున్నాను. మొత్తం నిఫ్టీలో పెట్టినవాడి 10 లక్షలు 4.8 లక్షలై, 2009 చివరికి 8.45 లక్షలయ్యాయి. 76 శాతం లేచినా మొదటికి రాలేదు, ఎందుకంటే 52 శాతం పడితే తిరిగి రావడానికి 108 శాతం లేవాలి.

70-30 పెట్టినవాడి 7 లక్షల ఈక్విటీ 3.36 లక్షలైంది, 3 లక్షల బంగారం 3.81 లక్షలైంది. మొత్తం 7.17 లక్షలు, పతనం 28 శాతం. తిరిగి రావడానికి 39 శాతం చాలు. ఇప్పుడు అతని దగ్గర ఈక్విటీ వాటా 47 శాతానికి దిగిపోయింది. తిరిగి 70కి తేవాలంటే దాదాపు 1.66 లక్షల బంగారం అమ్మి షేర్లు కొనాలి. అలా కొన్నవాడికి 2009 చివరికి 11.4 లక్షలు. కదిలించకుండా వదిలేసినవాడికి 10.5 లక్షలు. ఆ 90 వేల తేడా రీబ్యాలన్సింగ్, అంటే ఇలా వాటాలను మళ్లీ మొదటి చోటికి తేవడం, ఇచ్చింది. రెండు ఆస్తులు వేర్వేరుగా కదిలినప్పుడే దానికి పని ఉంటుంది, కలిసి పడితే అమ్మడానికి పెరిగినది ఏదీ ఉండదు. లెక్కలో ఇది ఒక్క వాక్యం. 2008 డిసెంబర్‌లో, సెన్సెక్స్ 20 వేల నుంచి పది వేల లోపుకి వచ్చి, పేపర్ తెరిస్తే ఉద్యోగాల కోత వార్తలే ఉన్నప్పుడు, పెరిగిన బంగారం అమ్మి షేర్లు కొనడానికి ఎంతమందికి చెయ్యి వస్తుందో మీరే ఊహించుకోండి.

2008 బంగారానికి బాగా కలిసొచ్చిన ఏడాది కాబట్టి రెండో వైపు కూడా చెప్పాలి. 2012 చివర 10 గ్రాములు 31 వేల చుట్టుపక్కల ఉంది. 2018 చివర కూడా దాదాపు అక్కడే ఉంది. ఆరేళ్లు! అదే కాలంలో నిఫ్టీ 5,905 నుంచి 10,862కి వెళ్లింది. 10 లక్షల నిఫ్టీ 18.4 లక్షలైతే, వదిలేసిన 70-30 కేవలం 15.9 లక్షలైంది. ఆ ఆరేళ్లలో చాలామంది విసుగెత్తి బంగారం అమ్మేశారు. ఆ తర్వాత 2020లో అది అవసరమైంది. డైవర్సిఫై చేసినవాడి దగ్గర ఎప్పుడూ ఏదో ఒకటి వెనకబడే ఉంటుంది. మీ పోర్ట్‌ఫోలియోలో అన్నీ ఒకేసారి బాగా పెరుగుతున్నాయంటే, అన్నీ ఒకేసారి పడేవే కొన్నారేమో చూసుకోవాలి.

ఇక రిటర్న్ సంగతి. తగ్గుతుంది, కానీ మీరు అనుకున్నంత కాదు. 100 రూపాయలు ఒక ఏడాది 50 శాతం పెరిగి మరుసటి ఏడాది 50 శాతం పడితే సగటు సున్నా, చేతిలో మిగిలేది 75. అదే 20 శాతం పెరిగి 20 శాతం పడితే 96 మిగులుతుంది. ఊగే కొద్దీ చక్రవడ్డీలోంచి కొంత కారిపోతుంది. ఆ కారేది ఏడాదికి సుమారుగా σ²/2. 20 శాతం ఒడిదుడుకుకి అది 2 శాతం, 14.7కి 1.1 శాతం. ఊహకి ఈక్విటీ సగటు 13, బంగారం సగటు 9 అనుకోండి (ఇవి నేను పెట్టుకున్న అంకెలు, జోస్యం కాదు). ఈక్విటీ ఒక్కటే ఉంటే నిజంగా పెరిగే వేగం 11 శాతం. 70-30కి సగటు 11.8, అందులోంచి 1.1 తీస్తే 10.7. సగటు చూస్తే 1.2 శాతం పోయినట్టు కనిపించింది, చేతికి వచ్చేదాంట్లో పోయింది 0.3 మాత్రమే. దానికి బదులు ఒడిదుడుకు నాలుగో వంతు తగ్గింది.

కోరిలేషన్ ఎప్పుడూ ఒకే చోట ఉంటుందని మాత్రం అనుకోవద్దు. 2020 మార్చి 23న నిఫ్టీ ఒక్కరోజే 13 శాతం పడింది. అంతకు ముందు రెండు వారాల్లో డాలర్లలో బంగారం కూడా 1,680 దగ్గర్నుంచి 1,480 కిందికి జారింది. మార్జిన్లు కట్టడానికి డబ్బు కావాల్సినవాళ్లు ఏది అమ్ముడుపోతే అది అమ్మేశారు. అప్పుడు కూడా రూపాయి 76 దాటడం వల్ల మనకు దెబ్బ కొంత తగ్గింది. 2022లో అమెరికాలో ఎస్‌అండ్‌పీ 500 డివిడెండ్లతో కలిపి 18 శాతం, వాళ్ల బాండ్ల ప్రధాన సూచీ 13 శాతం పడ్డాయి. షేర్లు పడితే బాండ్లు కాపాడతాయని నమ్మినవాళ్లకు రెండు వైపులా వాయింపు పడింది. ఆ ఏడాది రెంటినీ కొట్టింది ఒకటే, ధరల పెరుగుదల వెంట ఎగబాకిన వడ్డీ రేట్లు. మన బంగారానికి ప్రభుత్వం రూపంలో ఇంకో రిస్క్ ఉంది. 2024 జులై 23 బడ్జెట్‌లో దిగుమతి సుంకం 15 నుంచి 6 శాతానికి తగ్గించగానే 10 గ్రాముల ధర రోజుల వ్యవధిలో వేలల్లో దిగింది. లండన్‌లో అంత పతనమేమీ లేదు. అందుకే నేను 30 శాతం మొత్తాన్ని బంగారంలో పెట్టమనను. 15 బంగారం, 15 డెట్. డెట్ అంటే ఎఫ్‌డీ గానీ, తక్కువ కాలపరిమితి ఉన్న మంచి రేటింగ్ ఫండ్ గానీ. ఎక్కువ వడ్డీ ఆశ చూపే క్రెడిట్ రిస్క్ ఫండ్లు వద్దు. కంపెనీలకు గడ్డుకాలం వచ్చినప్పుడు షేర్లతో పాటే అవీ దెబ్బతింటాయి. 70-15-15కి ఒడిదుడుకు 14.2 వస్తుంది, మిమ్మల్ని కాపాడే కారణాలు మాత్రం ఒకటికి రెండవుతాయి.

మీ విషయంలో నాకు బంగారం లేకపోవడం కంటే ఆ ఐటీ ఫండ్ ఎక్కువ టెన్షన్ పెడుతోంది. మీ జీతం ఐటీ నుంచే. కంపెనీ జీతంతో పాటు ఆర్‌ఎస్‌యూలు, అంటే తన షేర్లు, ఇస్తుంటే అవీ అదే. గచ్చిబౌలి, కొండాపూర్ వైపు ఫ్లాట్ ఉంటే దాని అద్దె కట్టేది ఐటీ ఉద్యోగే, రేపు కొనేవాడూ ఐటీ ఉద్యోగే. అమెరికాలో క్లయింట్లు బడ్జెట్లు కోస్తే జీతం, షేర్లు, ఫ్లాట్, ఫండ్ నాలుగూ ఒకే త్రైమాసికంలో నీరసిస్తాయి. స్ప్రెడ్‌షీట్‌లో ఈ కోరిలేషన్ కనిపించదు, ఎందుకంటే ఉద్యోగానికి ఎన్‌ఏవీ ఉండదు.

కాబట్టి ముందు ఐటీ ఫండ్‌లోని 4 లక్షలు బయటకు తీయండి. ఏడాది దాటిన యూనిట్ల లాభం, మీ మిగతా ఈక్విటీ లాభాలతో కలిపి, ఏడాదికి 1.25 లక్షల లోపు ఉంటే పన్ను పడదు. అంతకు మించితే మార్చిలో కొంత, ఏప్రిల్‌లో కొంత అమ్మండి. ఆ 4 లక్షలు బంగారానికి రెండు, డెట్‌కి రెండు పంచి, ఆపైన నెలకు 40 వేలూ కొన్నాళ్లు ఈ రెంటికే చెరి సగం పంపండి. ధరలు ఎక్కడివక్కడే ఉంటే తొమ్మిది పది నెలల్లో 70-15-15 దగ్గరికి వచ్చేస్తారు, ఇంకేదీ అమ్మాల్సిన పని లేదు. ఆ తర్వాత సిప్‌లు ఒక ఇండెక్స్ ఫండ్‌కీ, ఒక ఫ్లెక్సీక్యాప్‌కీ, మిడ్‌క్యాప్‌కీ ఉంచితే చాలు. ఈఎల్ఎస్ఎస్‌లో ఒక్కో వాయిదాకి విడిగా మూడేళ్ల లాకిన్ ఉంటుంది, దాన్ని అలా వదిలేయండి.

ఏడాదికి ఒకసారి వాటాలు చూడండి. ఈక్విటీ 65 కిందికి పోతేనో, 75 దాటితేనో కదిలించండి, అది కూడా వీలైనంతవరకు కొత్త సిప్ డబ్బును తక్కువైన వైపు మళ్లించి. నెలనెలా సరిచేస్తే పన్నూ, చిరాకూ తప్ప ఏమీ మిగలదు.

బంగారం అంటే ఇక్కడ గోల్డ్ ఈటీఎఫ్. "ఇంట్లో నగలున్నాయి కదా" అని దాన్ని 15 శాతంలో కలపకండి. అమ్మబోతే మజూరీ, తరుగు పోతాయి. పైగా పైన చెప్పిన ఆ 1.66 లక్షల బంగారం అమ్మాల్సిన రోజున, మీ ఆవిడ నెక్లెస్ మీద మీకు ఎలాంటి అధికారమూ ఉండదు.